పరుగు ఆపమంటున్న ఎముక

తెల్లవారుజామున ఐదు గంటలు. తార్నాక చౌరస్తాలో టీ బండి ఇంకా తెరుచుకోలేదు. ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్ రోడ్ల మీద మాత్రం అప్పటికే అడుగుల చప్పుడు. వాకింగ్‌కు వచ్చే పెద్దవాళ్లు ఒక పక్క, సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి దూసుకుపోయే కుర్రాళ్లు మరో పక్క. ఆ కుర్రాళ్లలో చాలామంది లక్ష్యం ఒకటే... ఖాకీ యూనిఫాం.

తెలంగాణలో 2022 పోలీసు నియామకాల్లో పురుష అభ్యర్థులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలని నిబంధన పెట్టారు. అందులో తప్పితే మిగతా పరీక్షల వరకూ వెళ్లే అవకాశమే లేదు. అందుకే పదేళ్లుగా పుస్తకం తప్ప మరొకటి పట్టనివాళ్లు కూడా ఉన్నట్టుండి బూట్లు కట్టుకుని రోడ్డెక్కుతారు. రెండు మూడు వారాలు గడిచేసరికి మోకాలి కింద, ముందువైపు ఎముకలో నొప్పి మొదలవుతుంది.

'కొత్తలో అందరికీ ఉంటది తమ్మీ. పరుగెత్తుతూ ఉంటే అదే పోతది' అంటాడు పక్కన పరుగెత్తే సీనియర్. ఆ మాట కొందరి విషయంలో కొంత నిజం. మరికొందరి విషయంలో మాత్రం ప్రమాదం!

ఒకే గది... రెండు నొప్పులు

హాస్టల్‌లో ఒకే గదిలో ఉంటున్న ఇద్దరు స్నేహితులను ఊహించుకోండి. ఇద్దరూ ఒకే రోజు పరుగు మొదలుపెట్టారు. మొదటివారం రోజుకు 2 కిలోమీటర్లు, రెండోవారం 4, మూడోవారం 6. వారానికి ఆరు రోజులు, అదీ గట్టి రోడ్డు మీదే. అంటే మొదటివారం 12 కిలోమీటర్లు పరుగెత్తిన కాళ్లు మూడోవారానికి 36 కిలోమీటర్లు పరుగెత్తాయి. మూడు రెట్లు!

మొదటివాడికి మూడోవారంలో నొప్పి వచ్చింది. కాలి లోపలివైపు, చీలమండకు పైన, ఎముక అంచు వెంట నాలుగు వేళ్ల మేర సలుపు. పరుగు మొదలెట్టగానే బాధ. ఒళ్లు వేడెక్కాక తగ్గుతుంది. ఆపాక, సాయంత్రానికి మళ్లీ వస్తుంది.

రెండోవాడికీ మొదట ఇలాగే ఉంది. నొప్పి మాత్ర వేసుకుని పరుగు కొనసాగించాడు. ఐదోవారానికి తీరు మారింది. నొప్పి ఒకే చోట నిలిచింది. పరుగెత్తేకొద్దీ తగ్గాల్సింది పోయి పెరుగుతోంది. హాస్టల్ మెట్లు ఎక్కుతుంటే కలుక్కుమంటోంది. రాత్రి పడుకున్నా లోపల్నుంచి పోటు.

మొదటివాడిది 'షిన్ స్ప్లింట్స్'. రెండోవాడిది 'స్ట్రెస్ ఫ్రాక్చర్' అని అనుమానించాల్సిన పరిస్థితి. ఒకటి ఎముక చేసే ఫిర్యాదు. రెండోది ఎముకలో వెంట్రుకవాసి బీట.

ఎముకలోనూ మరమ్మతు పనులు

ఎముక అంటే రాయి కాదు. అందులో నిత్యం మరమ్మతులు జరుగుతూనే ఉంటాయి. పరుగెత్తినప్పుడు నేలను తాకే ప్రతి అడుగుకూ మోకాలి కింది పెద్ద ఎముక, అంటే టిబియా, కొద్దిగా వంగుతుంది. ఆ ఒత్తిడికి తగ్గట్టు తనను తాను గట్టిపరచుకునే ప్రయత్నం చేస్తుంది. అయితే ముందు పాత ఎముకను తవ్వితీసే కణాలు పనిచేస్తాయి. ఆ తర్వాతే కొత్త ఎముకను పోసే కణాలు రంగంలోకి దిగుతాయి. తవ్వకం రెండు మూడు వారాల్లో అయిపోతుంది. పూడ్చి గట్టిపడటానికి మాత్రం నెలలు పడుతుంది.

రోడ్డు తవ్వి ఇంకా పూడ్చకముందే లారీలు వదిలితే ఏమవుతుంది? కొత్త రన్నర్ కాలిలోనూ అంతే. గుండె, ఊపిరితిత్తులు కొద్దివారాల్లోనే పరుగుకు అలవాటుపడతాయి. 'ఆయాసం తగ్గింది కదా' అని దూరం పెంచేస్తారు. ఎముక మాత్రం సరిగ్గా అప్పుడే బలహీనంగా ఉంటుంది. ఎముక లోపలి అంచు, దాన్ని అంటిపెట్టుకున్న పొర ఒత్తిడికి గురైతే షిన్ స్ప్లింట్స్. అక్కడా ఆగకపోతే బీట.

ఈ కథ కొత్తది కాదు. 1855లో ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హౌప్ట్, దూరాలు కవాతు చేసిన సైనికుల పాదాలు వాచిపోయి నొప్పిపెట్టడాన్ని నమోదుచేశాడు. అది ఎముకలో బీట అన్న సంగతి 1895లో ఎక్స్‌రే కనిపెట్టిన తర్వాతే బయటపడింది. అప్పట్నుంచీ దానికి 'మార్చ్ ఫ్రాక్చర్' అని పేరు. క్రీడాకారులకూ ఇది తప్పదు. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచిన మన పి.వి.సింధు, ఎడమ పాదంలో స్ట్రెస్ ఫ్రాక్చర్ కారణంగా అదే నెలలో టోక్యోలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు వెళ్లలేకపోయింది. మళ్లీ కోర్టులో అడుగుపెట్టింది 2023 జనవరిలోనే.

వేలితో నొక్కి చూస్తే...

తేడా కనిపెట్టడానికి మొదటి సాధనం చూపుడువేలే. కుర్చీలో కూర్చుని, కాలి లోపలివైపు ఎముక అంచు వెంట చీలమండ నుంచి పైకి కొద్దికొద్దిగా నొక్కుతూ రావాలి. కనీసం 5 సెంటీమీటర్ల మేర, పరుచుకున్నట్టు నొప్పి ఉంటే షిన్ స్ప్లింట్స్‌కే అవకాశం ఎక్కువ. మిగతాచోట్ల ఏమీ లేకుండా ఒకే చోట, వేలి కొనతో కప్పేయగలిగినంత మేర చురుక్కుమంటే అనుమానించాలి.

రెండోది నొప్పి నడత. పరుగు మధ్యలో సర్దుకునే నొప్పికీ, పెరుగుతూపోయే నొప్పికీ తేడా ఉంది. నడిచినా, కూర్చున్నా, నిద్రలోనూ వేధిస్తే అది మామూలు సలుపు కాదు. ఆ కాలి మీద ఒంటికాలితో గెంతలేకపోవడం కూడా బీటను సూచించే గుర్తే. అయితే అనుమానం ఉన్నవాళ్లు పదేపదే గెంతి చూసుకోకూడదు. ఉన్న బీట పెద్దదవుతుంది.

ఇక ఎక్స్‌రే. ఇక్కడే చాలామంది మోసపోతారు. తొలి రెండు మూడు వారాల్లో తీసిన ఎక్స్‌రేలో ఈ బీట చాలాసార్లు కనిపించదు. 'ఎక్స్‌రే నార్మల్' అన్న మాట విని మర్నాడే పరుగుకు బయల్దేరడం పెద్ద పొరపాటు. లక్షణాలు బలంగా ఉంటే డాక్టర్లు ఎమ్మారై తీయిస్తారు. లేదా బీట ఉన్నట్టే లెక్కవేసి విశ్రాంతి ఇచ్చి, కొన్ని వారాల తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీస్తారు.

ఒక్క విషయంలో అసలు ఆలస్యం పనికిరాదు. నొప్పి లోపలి అంచులో కాకుండా, ఎముక నడిమి భాగంలో సరిగ్గా ముందువైపు గట్టు మీద ఉంటే వెంటనే ఎముకల డాక్టర్ని కలవాలి. అక్కడి బీట త్వరగా అతుక్కోదు. పూర్తిగా విరిగే ప్రమాదమూ ఉంది. కొందరికి ఎముకలో రాడ్ వేయాల్సి వస్తుంది.

ఎవరికి ఎంత విశ్రాంతి?

మొదటివాడి సంగతి చూద్దాం. రెండువారాలు పరుగు బంద్. మంచానికి అతుక్కుపోనక్కర్లేదు. నొప్పి లేనంతవరకూ సైకిల్ తొక్కవచ్చు, ఈత కొట్టవచ్చు. నొప్పి ఉన్నచోట గుడ్డలో చుట్టిన ఐసు 15 నిమిషాలు పెడితే ఉపశమనం. పిక్కల బలం కోసం మెట్టు అంచు మీద నిలబడి మడమలు నెమ్మదిగా పైకెత్తి దించాలి. 15 చొప్పున మూడుసార్లు.

మామూలుగా నడిస్తే నొప్పి లేదు అనుకున్నాక మళ్లీ మొదలు. నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. ఇలా పదిసార్లు చేస్తే అరగంట. రోజు విడిచి రోజు మాత్రమే. మర్నాటి ఉదయానికి నొప్పి పెరగకపోతే పరుగు నిమిషాలు కొద్దిగా పెంచాలి. పెరిగితే ఒక మెట్టు వెనక్కి. ఇలా కొన్ని వారాల్లో మామూలు సాధనకు చేరుకోవచ్చు.

రెండోవాడికి ఈ పద్ధతి పనికిరాదు. బీట తేలితే పరుగు పూర్తిగా ఆపాల్సిందే. నడిచినా నొప్పి ఉంటే చంకకర్రలో, వాకింగ్ బూటో ఇస్తారు. లోపలి అంచులో వచ్చే బీటకు సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల విశ్రాంతి పడుతుంది. నొక్కితే నొప్పి పూర్తిగా పోయాకే నడక-పరుగు మొదలు. షిన్ స్ప్లింట్స్‌లో స్వల్పమైన సలుపును భరించవచ్చు. బీట విషయంలో కొంచెం నొప్పి వచ్చినా ఆగిపోవాలి. నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తడం ఇద్దరికీ తప్పే. మాత్ర నొప్పిని దాస్తుంది గానీ ఎముకను అతకదు.

రెండోవాడు మూడోవారంలోనే ఆగి ఉంటే రెండు మూడు వారాలు పోయేవి. ఆగనందుకు దాదాపు మూడు నెలలు పోతున్నాయి. ఈవెంట్స్ తేదీ దగ్గరపడితే ఆ తేడా ఉద్యోగమంత ఖరీదు!

బూట్లు మారిస్తే పోతుందా?

కొత్త బూట్ల వల్ల బీట అతుక్కోదు. షిన్ స్ప్లింట్స్‌లోనూ బూట్ల పాత్ర పరిమితమే. అమెరికా సైన్యంలో రిక్రూట్ల పాదాల ఆకారాన్ని బట్టి వేర్వేరు రకాల బూట్లు ఇచ్చి చూశారు. దాంతో గాయాలేమీ తగ్గలేదు. కాబట్టి 'మీ పాదానికి ఈ మోడలే' అనే షాపువాడి మాటకు వేలు పోయక్కర్లేదు.

అలాగని అరిగిన బూట్లతో పరుగెత్తమని కాదు. బూటును బల్ల మీద పెట్టి వెనక నుంచి చూడండి. మడమ ఒక పక్కకు ఒరిగితే, మెత్తటి పొర నొక్కినా తిరిగి లేవకపోతే దాని పని అయిపోయినట్టే. కాన్వాస్ బూట్లు, చదునైన అడుగున్న బూట్లు వదిలి, మెత్తటి అడుగున్న మామూలు రన్నింగ్ షూ తీసుకుంటే చాలు. కాలివేళ్ల ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. అదురును తగ్గించే ఇన్‌సోల్ లోపల వేస్తే కొందరికి ఊరట. పాదం చదునుగా ఉన్నవాళ్లకు ఇది మరికాస్త ఉపయోగపడవచ్చు. ఉన్నట్టుండి చెప్పుల్లేకుండా పరుగు మొదలుపెట్టడం మాత్రం వద్దు.

ఖర్చులేని మార్పు మరొకటి ఉంది. అంగలు చిన్నవి చేయడం. నిమిషానికి ఎన్ని అడుగులు పడుతున్నాయో లెక్కపెట్టండి. 160 ఉంటే, అదే వేగంతో 168కి పెంచండి. పాదం ఒంటికి దగ్గరగా పడుతుంది, ఎముక మీద దెబ్బ తగ్గుతుంది. వీలైతే గట్టి రోడ్డు బదులు మట్టి ట్రాక్ ఎంచుకోవచ్చు.

పళ్లెంలోనూ ఉంది

పూడ్చడానికి మట్టి కావాలి కదా! ఎముకకు ఆ సామగ్రి తిండి నుంచే రావాలి. తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం అవసరం. వంద గ్రాముల రాగుల్లో సుమారు 360 మిల్లీగ్రాములు ఉంటుంది. పొద్దున్నే ఖాళీ కడుపుతో పరుగు, తర్వాత ఒక టీ, మధ్యాహ్నం వరకూ లైబ్రరీ... ఈ దినచర్య ఎముకకు పస్తే. అమ్మాయిల్లో వరుసగా మూడు నెలలు నెలసరి ఆగితే శరీరానికి చాలినంత తిండి అందడం లేదనడానికి అది గుర్తు కావచ్చు. అలాంటివాళ్లకు బీట ముప్పు ఎక్కువ. డాక్టర్‌కు ఆ సంగతి తప్పక చెప్పాలి.

చివరగా ఒక లెక్క. 1600 మీటర్లంటే 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు చుట్లు. చుట్టుకు 108 సెకన్లు దాటకపోతే గట్టెక్కినట్టే. ఏడు నిమిషాల పరీక్ష కోసం రోజూ గంటసేపు రోడ్డు మీద కాళ్లు అరగదీసుకోవాల్సిన పనిలేదు. వారానికి నాలుగు రోజులు, మధ్యలో విశ్రాంతితో సాధన చేసినవాడు ఎముకకు పూడ్చుకునే వ్యవధి ఇస్తాడు. రేపు ఉదయం ఐదింటికి బూట్ల తాళ్లు కట్టుకునే ముందు, ఒక్కసారి చూపుడువేలితో ఎముకను నొక్కి చూసుకుంటే సరి.