కరగకుండా గట్టిపడే పొడి

వీధుల్లో పసుపుపచ్చగా వెలిగే సోడియం దీపం లోపల వేలంత గొట్టం ఒకటి ఉంటుంది. మరిగే సోడియానికి మామూలు గాజు తట్టుకోదు కాబట్టి దాన్ని అల్యూమినాతో చేస్తారు. సుమారు 2050 డిగ్రీల దగ్గర గానీ కరగని ఆ పొడిని అచ్చులో నొక్కి, కరగనివ్వకుండానే కాల్చి గట్టిపరుస్తారు. ఇదే సింటరింగ్.

మెత్తటి పొడికి ఉపరితలం ఎక్కువ; ఆ ఉపరితలంలో దాగిన శక్తిని వదిలించుకోవాలన్నదే దాని తపన. వేడికి అణువులు కదలగానే, రేణువులు తాకినచోట సన్నని మెడల్లా అతుక్కుంటాయి. తర్వాత సందులు గొట్టాల్లా సన్నబడి, ముక్క కుంచించుకుపోతుంది. చివరికి విడివిడి రంధ్రాలు మిగులుతాయి. అసలు చిక్కు అక్కడే.

రంధ్రం పూడాలంటే రేణువుల సరిహద్దుకు అంటుకుని ఉండాలి, ఎందుకంటే దాన్ని నింపే అణువులు ప్రధానంగా ఆ దారినే వస్తాయి. కానీ అదే వేడికి పెద్ద రేణువులు చిన్నవాటిని మింగుతూ పెరుగుతాయి. సరిహద్దు తొందరపడి జరిగిపోతే రంధ్రం రేణువు కడుపులో చిక్కుతుంది. ఇక ఎంతసేపు కాల్చినా దాదాపు లాభం ఉండదు. ముక్క సుద్దలా తెల్లగా ఉంటే, వెలుతురును చెదరగొట్టే రంధ్రాలు లోపల ఉన్నట్టే.

1950ల్లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్‌లో రాబర్ట్ కోబుల్ ఇందులో చిటికెడు మెగ్నీషియా కలిపాడు. సరిహద్దులు నెమ్మదించాయి, రంధ్రాలు పూడాయి, వెలుతురు దూరింది. అయితే గాలిలో కాలిస్తే నత్రజని రంధ్రాల్లోనే ఉండిపోతుంది. అందుకే హైడ్రోజన్ కొలిమి వాడారు.