చీటీ రాసిచ్చాక ఏమవుతోంది?

పల్లెల్లో షుగరు పరీక్షలు జరగడం లేదని కాదు. ముప్పై ఏళ్లు దాటినవాళ్ల ఇంటికి ఆశా కార్యకర్త వెళ్లి వయసు, నడుము కొలత, పొగాకు, మద్యం అలవాట్లు, ఇంట్లో ఇంకెవరికైనా షుగరు ఉందా అన్నవి ఫారంలో రాసుకుంటుంది. తర్వాత ఏఎన్ఎం వేలి కొస నుంచి రక్తపు చుక్క తీసి గ్లూకోమీటరులో చూస్తుంది. 140 గానీ ఆపైన గానీ వస్తే పీహెచ్‌సీకి వెళ్లమని చీటీ రాసిస్తుంది.

కానీ 140 వచ్చినంత మాత్రాన షుగరు జబ్బు ఉన్నట్టు కాదు. అన్నం తిన్న గంటకు పరీక్ష చేస్తే ఆరోగ్యవంతులకూ అంత రావచ్చు. మామిడిపండు ఒలిచిన చేతిని కడుక్కోకుండా సూది గుచ్చినా అంకె పెరుగుతుంది. జబ్బు అవునో కాదో తేలాలంటే పరగడుపున రక్తం తీసి ల్యాబులో చూడాలి. అది 126 గానీ ఆపైన గానీ ఉండి, మరో రోజు చేసిన పరీక్షలోనూ అలాగే వస్తే షుగరు ఉన్నట్టు. మనుషులు జారిపోయేది చీటీకీ ఈ పరగడుపు పరీక్షకూ మధ్యనే.

గ్రామీణ ప్రాథమిక వైద్యంలో షుగరు గుర్తింపుపై అధ్యయనానికి నిధులు అడిగే దరఖాస్తు పట్టుకోవలసింది ఈ చోటునే అని నా అభిప్రాయం. ఇలాంటి దరఖాస్తులు సాధారణంగా దేశంలో షుగరు ఎంతమందికి ఉందో చెప్పి మొదలవుతాయి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం పెద్దవాళ్లలో అది 11.4 శాతం. జబ్బు ఎంత పెద్దదో ఆ అంకె చెబుతుంది గానీ, కొత్త అధ్యయనం ఎందుకు కావాలో చెప్పదు. పైగా 2012లో ఫలితాలు వచ్చిన ఇంగ్లండులోని ఎడిషన్-కేంబ్రిడ్జ్ అధ్యయనంలో, షుగరు వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నవాళ్లను పిలిచి పరీక్షలు చేసినా, దాదాపు పదేళ్లలో మరణాలు తగ్గినట్టు కనిపించలేదు. అక్కడి పరిస్థితులు వేరు కాబట్టి అది మనకు నేరుగా వర్తించదు. అయినా పరీక్ష చేసి వదిలేస్తే మేలు దానంతటదే జరుగుతుందని అనుకోకూడదని అది హెచ్చరిస్తోంది.

ఒక మనిషిని ఊహించుకుందాం. పల్నాడులో మిరప కోతలకు వెళ్లే నలభై ఐదేళ్ల ఆవిడ. గ్లూకోమీటరులో 168 వచ్చింది. కూలీల ఆటో తెల్లవారుజామునే బయలుదేరుతుంది. పీహెచ్‌సీ ల్యాబు తెరిచేది తొమ్మిది గంటలకు. పరగడుపున అక్కడికి వెళ్లాలంటే ఆ రోజు కూలి పోతుంది. ఒంట్లో ఏ బాధా లేదు. ఆవిడ వెళ్లకపోవడాన్ని నిర్లక్ష్యం అనలేం.

అందుకే మొదటి లక్ష్యం, చీటీ అందుకున్న ప్రతి మనిషినీ మూడు నెలలపాటు వెంబడించి చూడడం: నిర్ధారణ పరీక్షకు ఎందరు వచ్చారు, ఎందరికి జబ్బు తేలింది, మందు మొదలుపెట్టినవాళ్లలో రెండో నెలా వాడుతున్నది ఎందరు? రెండోది ఒక మార్పును పరీక్షించడం: వారం లోపల, పొద్దున ఆటో కదలకముందే, ఊళ్లోనే పరగడుపు రక్తం తీస్తే నిర్ధారణ దాకా చేరేవాళ్లు పెరుగుతారా? మూడోది, రానివాళ్లను ఇంటికెళ్లి కారణం అడగడం, నిర్ధారణ అయిన ఒక్కో మనిషికి ఎంత ఖర్చయిందో లెక్కగట్టడం.

రెండో లక్ష్యంలో ఒక చిక్కు ఉంది. తీసిన రక్తం ట్యూబులో ఉండగానే అందులోని కణాలు చక్కెరను వాడుకుంటూ ఉంటాయి. మామూలు ట్యూబులో గంటకు సుమారు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. ఫ్లోరైడు ఉన్న బూడిద రంగు మూత ట్యూబు వాడినా మొదటి గంటా రెండు గంటల్లో తరుగుదల పూర్తిగా ఆగదు. ఆరున్నరకు తీసిన రక్తం పదింటికి ల్యాబుకు చేరితే 130 ఉన్న మనిషికి 120 అని రావచ్చు, జబ్బు లేదని ఇంటికి పంపేయవచ్చు. ఐసు పెట్టె, ట్యూబు మీద రక్తం తీసిన వేళ, ల్యాబుకు చేరిన వేళ దరఖాస్తులో లేకపోతే ఫలితాన్ని నమ్మలేం.

ఇక ఎంతమంది కావాలి? ఇప్పుడు నూటికి నలభై మంది నిర్ధారణకు వస్తున్నారనీ, దాన్ని అరవైకి పెంచాలనీ అనుకుందాం. మామూలు లెక్కలో ఒక్కో వైపు దాదాపు వందమంది చాలు. కానీ ఒకే ఏఎన్ఎం ఒకే ఊళ్లో కొందరికి పాత పద్ధతి, కొందరికి కొత్త పద్ధతి పాటించడం కుదరదు. కాబట్టి ఏ పద్ధతి అన్నది సబ్‌సెంటరు మొత్తానికి చీటీలు తీసి నిర్ణయించాలి. ఒకే సబ్‌సెంటరు మనుషులు దారి, కూలి, ఏఎన్ఎం విషయాల్లో ఒకలాగే ఉంటారు గనుక కావలసిన సంఖ్య సుమారు రెట్టింపవుతుంది. అంటే ఒక్కో వైపు పది సబ్‌సెంటర్లు, ఒక్కోదాంట్లో ఇరవై మంది.

దరఖాస్తులో మరో మాట కూడా ఉండాలి. 200 దాటి అతిదాహం, తరచూ మూత్రం, బరువు తగ్గడం ఉన్నవాళ్లు ఏ వైపు పడినా పోలికలో ఉంచకుండా అదే రోజు డాక్టరు దగ్గరకు పంపాలి, ఆ ప్రయాణ ఖర్చును బడ్జెట్‌లో ముందే చూపాలి.