మూడు నీటి చుక్కల జాడ

చైనాలో ఒక ఊరి బోర్డు మీద 湖 అనే అక్షరం కనిపించిందనుకుందాం. ఎలా పలకాలో తెలియదు, కాబట్టి ఉచ్చారణ క్రమంలో ఉన్న నిఘంటువు అక్కరకు రాదు. అయినా ఎడమ అంచున మూడు చిన్న గీతలున్నాయి: 氵. అది నీటికి గుర్తు. అర్థానికి దారి చూపే ఇలాంటి భాగాన్ని రాడికల్ అంటారు. అంటే ఇది నీటికి సంబంధించిన మాట కావచ్చు.

కుడివైపున్న 胡 ఉచ్చారణను సూచిస్తుంది: 'హూ'.

ఇక వెతకడమే. 1716లో వెలువడిన కాంగ్‌షీ నిఘంటువు అక్షరాలను 214 రాడికల్స్ కింద సర్దింది. నీటిది 85వది. అందులో మిగిలిన గీతల సంఖ్యను బట్టి వెతకాలి. కొత్తవారు తడబడేది ఇక్కడే. 口 చూడటానికి నాలుగు గీతల పెట్టె. రాసే క్రమంలో మాత్రం మూడే: ముందు ఎడమ నిలువు గీత, తర్వాత పైగీతా కుడిగీతా కలం ఎత్తకుండా ఒకటిగా, చివర అడుగు గీత. 月లోనూ ఇలాంటి మలుపే ఉంది, దానికి నాలుగు గీతలు. పైనున్న అడ్డం, నిలువు కలిపితే మొత్తం తొమ్మిది. మలుపులను విడగొట్టి లెక్కిస్తే పదకొండు వస్తుంది, ఆ వరుసలో 湖 దొరకదు.

తొమ్మిది గీతల వరుసలో దొరుకుతుంది: సరస్సు. హూనాన్ అంటే 'సరస్సుకు దక్షిణం' అని కూడా అప్పుడే అర్థమవుతుంది.

ఊహ తప్పే సందర్భాలూ ఉన్నాయి. 法లోనూ అవే నీటి చుక్కలున్నాయి, కానీ దాని అర్థం చట్టం. అక్కడ రాడికల్ నిఘంటువులో చోటు మాత్రమే చూపిస్తుంది.