హుద్‌హుద్ లాంటిది మళ్లీ వస్తే బిల్లు ఎక్కడ కొడతారు?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడింది. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. నగరం తేరుకోవడానికి రోజులు పట్టింది. అలాంటి వేళ కంపెనీ సర్వర్లు, బ్యాకప్‌లు అన్నీ ఒకే భవనంలో ఉంటే వ్యాపారం ఆగిపోయినట్టే. అందుకే వేరే ఊళ్లో డిజాస్టర్ రికవరీ సైట్, వాడుకలో డీఆర్ సైట్, పెట్టుకుంటారు.

ఇందులో మూడు రకాలు. కోల్డ్ సైట్‌లో గది, కరెంటు, ఏసీ, నెట్ లైను మాత్రమే ఉంటాయి. సర్వర్లు ఆపద వచ్చాక తెచ్చి బిగించాలి. వార్మ్ సైట్‌లో సర్వర్లు సిద్ధంగా ఉంటాయి, డేటా కొన్ని నిమిషాలో గంటలో వెనకబడి ఉంటుంది. హాట్ సైట్‌లో అసలు సర్వర్లతో పాటే డేటా అప్‌డేట్ అవుతూ, పని నిమిషాల్లో అక్కడికి మారిపోతుంది.

ఏది ఎంచుకోవాలి? విశాఖలో మందుల హోల్‌సేల్ వ్యాపారం చేసే ఒక కంపెనీని ఊహించుకుందాం. బిల్లింగ్ ఆగితే రోజుకు 6 లక్షల నష్టం. హైదరాబాద్‌లో కోల్డ్ సైట్‌కు ఏడాదికి 2 లక్షలు, వార్మ్‌కు 8 లక్షలు, హాట్‌కు 30 లక్షలు ఖర్చనుకుందాం. అయిదేళ్లలో ఒక్క పెద్ద ఆపద వస్తుందని లెక్క వేద్దాం.

కోల్డ్ సైట్ లేవడానికి 7 రోజులు పడితే 42 లక్షల నష్టం, 10 లక్షల అద్దె, మొత్తం 52 లక్షలు. వార్మ్ పావు రోజులో లేస్తే నష్టం లక్షన్నర, ఖర్చు 40 లక్షలు, మొత్తం 41.5 లక్షలు. హాట్‌లో నష్టం దాదాపు ఉండదు కానీ ఖర్చే 150 లక్షలు. ఇక్కడ వార్మ్ నయం. అదే రోజు నష్టం 3 లక్షలే అయితే లెక్క తిరగబడుతుంది: కోల్డ్‌కు 31 లక్షలు, వార్మ్‌కు 40.75 లక్షలు. కాబట్టి కంపెనీ మొత్తానికి ఒకే సైట్ ఎంచుకోనక్కర్లేదు. బిల్లింగ్, స్టాకు వార్మ్‌లో పెట్టి, పాత రికార్డులను కోల్డ్‌కు వదిలేస్తే డబ్బు మిగులుతుంది.

ఈ లెక్క తరచుగా తప్పేది ఒక్క చోట. వార్మ్ సైట్‌లో సర్వర్లున్నా డేటా ముందే చేరకపోతే, 2 టీబీ బ్యాకప్ 100 ఎంబీపీఎస్ లైనులో రావడానికి కనీసం 44 గంటలు పడుతుంది. 'పావు రోజు' అన్నది కాగితం మీదే ఉండిపోతుంది. అందుకే డేటాబేస్ లాగ్‌లను ప్రతి పావుగంటకూ అవతలికి పంపుతుండాలి. హాట్ సైట్ ఉన్నా విడిగా బ్యాకప్ తప్పదు. ఇక్కడ పొరపాటున చెరిపేసింది అక్కడా వెంటనే చెరిగిపోతుంది.

ఏడాదికి ఒక ఆదివారం విశాఖ సర్వరు ఆపి, హైదరాబాద్ సర్వరు నుంచి ఒక్క బిల్లు కొట్టి చూడండి. దానికి పట్టిన గంటలనే లెక్కలో వేసుకోండి.