కాళ్ళకు నీరు పట్టడం: అపోహలు, వాస్తవాలు

ముంగాలి ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కి తీస్తే గుంట అలాగే నిలిచిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్ళకు ఇలా కనిపించగానే తలా ఒక మాట చెబుతారు. కిడ్నీలు చెడిపోయి ఉంటాయని ఒకరు, నీళ్ళు తగ్గించమని ఒకరు, రోజూ తెల్లసొన పెట్టమని ఇంకొకరు. ఆ నీరు రక్తనాళంలోంచి ఎలా బయటపడిందో తెలిస్తే వీటిలో ఏది ఎంతవరకు నిజమో తేలుతుంది.

ఆ లెక్కకు పునాది వేసినవాడు ఇంగ్లండుకు చెందిన ఎర్నెస్ట్ స్టార్లింగ్. 1896లో ఆయన కుక్కల కాళ్ళ మీద ప్రయోగాలు చేశాడు. కణజాలంలోకి ఉప్పునీరు ఎక్కించి ఆ కాలిగుండా రక్తం పారిస్తే, ఆ నీరు రక్తంలోకి చేరి రక్తం పలచబడింది. ఉప్పునీటికి బదులు ప్రోటీన్లున్న సీరం ఎక్కించినప్పుడు అలా జరగలేదు. నీటిని నాళంలోకి లాగుతున్నవి రక్తంలోని ప్రోటీన్లేనని, అందులో ముఖ్యమైనది ఆల్బుమిన్ అని అలా అర్థమైంది. గుండె పుట్టించే పీడనం నీటిని బయటికి నెడుతుంది, ప్రోటీన్ లోపలికి లాగుతుంది. నాళం బయట ఉన్న కణజాలానికీ ఇలాగే తన పీడనం, తన ప్రోటీన్ ఉంటాయి. ఈ నాలుగే స్టార్లింగ్ బలాలు.

అపోహ: కేశనాళిక మొదట్లో బయటికి వచ్చిన నీరంతా దాని చివర్లో మళ్ళీ లోపలికి వెళ్ళిపోతుంది.

వాస్తవం: ఇది సామాన్యుల అపోహ కాదు, చాలాకాలం పాఠ్యపుస్తకాలు నేర్పిన పాఠం. వైద్య విద్యార్థులు ఇప్పటికీ ఈ బొమ్మే గీస్తున్నారు. అసలు అంకెలు వేసి చూద్దాం. 1930లో లాండిస్ మనిషి గోరు మొదట్లోని కేశనాళికల్లోకి సన్నని గాజు గొట్టం గుచ్చి పీడనం కొలిచాడు. ధమని వైపు సుమారు 32, సిర వైపు 12 మిల్లీమీటర్ల పాదరసం వచ్చింది. రక్తంలోని ప్రోటీన్ లాగుడు సుమారు 25. పన్నెండు కన్నా ఇరవై ఐదు పెద్దది కాబట్టి చివర్లో నీరు లోపలికి రావాలనిపిస్తుంది. కానీ చర్మం కింది ద్రవంలోనూ ప్రోటీన్ ఉంటుంది. అది సుమారు 13 బలంతో నీటిని తనవైపు లాగుతుంది. పైగా అక్కడి పీడనం సున్నా కన్నా రెండు తక్కువ, అంటే కొద్దిగా పీల్చుకునే గుణం ఉంది. బయటికి పోయే బలం 12కు 2 కలిపితే 14. లోపలికి లాగేది 25లోంచి 13 తీసేస్తే 12. నాళం చివర్లో కూడా నీరు సన్నగా బయటికే ఊరుతోందన్నమాట.

మరి ఆ నీరంతా ఏమవుతుంది? శోషరస నాళాలు మోసుకెళ్ళి మళ్ళీ రక్తంలో కలుపుతాయి. అది రోజుకు సుమారు 8 లీటర్లని అంచనా. ఒంట్లో ఉన్న ప్లాస్మా మూడు లీటర్లేనని గుర్తుంచుకుంటే ఇది ఎంత పెద్ద పనో తెలుస్తుంది. కిడ్నీలోనూ పేగులోనూ కేశనాళికలు నీటిని నిరంతరం లోపలికి తీసుకుంటాయి, కానీ చర్మంలో, కండరాల్లో ఈ దారే ఆధారం. మన కోస్తా జిల్లాల్లో చాలామంది చూసిన బోదకాలు దీనికి సాక్ష్యం. ఆ రోగికి గుండె బాగానే ఉంటుంది, ఆల్బుమినూ బాగానే ఉంటుంది. ఫైలేరియా పురుగులు శోషరస నాళాలను పాడుచేస్తాయి, కాలు వాచిపోతుంది.

అపోహ: గుండె బలహీనపడితే రక్తం వెనక్కి తన్ని కాళ్ళలోకి నీరు దిగుతుంది. నీళ్ళు తాగడం మానేస్తే తగ్గుతుంది.

వాస్తవం: గుండె ఉన్నట్టుండి దెబ్బతిన్న తొలి గంటల్లో కాళ్ళు వాచవు. ధమనుల్లో పీడనం పడిపోవడంతో కాళ్ళ కేశనాళికల్లోనూ పీడనం తగ్గుతుంది. ఊపిరితిత్తుల సంగతి వేరు. ఎడమ గుండె వెనకే ఉన్నాయి కాబట్టి అక్కడ గంటల్లోనే నీరు చేరి ఆయాసం రావచ్చు. కాళ్ళకు వాపు రావాలంటే కిడ్నీ కలుగజేసుకోవాలి. తన దగ్గరికి రక్తం సరిగా రాకపోతే ఒంట్లో నీరే తక్కువైందని అది పొరబడుతుంది. రెనిన్, ఆల్డోస్టిరాన్ పెరుగుతాయి, ఉప్పు బయటికి పోవడం తగ్గుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. గుండె వైఫల్యం ఉన్న 65 ఏళ్ళ మనిషి బరువు పన్నెండు రోజుల్లో 60 నుంచి 64 కిలోలైంది. పెరిగిన నాలుగు కిలోలూ నీరే అనుకుందాం. ఆ నీరు ఒంట్లో నిలవాలంటే లీటరుకు సుమారు 9 గ్రాముల ఉప్పు కావాలి, సెలైన్ సీసాలో ఉన్నంత. నాలుగు లీటర్లకు 36 గ్రాములు. ఆయన రోజుకు 10 గ్రాముల ఉప్పు తిని, కిడ్నీ 7 మాత్రమే బయటికి పంపితే పన్నెండు రోజుల్లో సరిగ్గా అంత మిగులుతుంది. ఆవకాయ, అప్పడాలు, మజ్జిగ మిరపకాయలు ఉన్న ఇంట్లో 10 గ్రాములు ఏమంత ఎక్కువ కాదు. నీళ్ళు మాత్రమే తగ్గించి ఉప్పు వదలకపోతే దాహం పెరుగుతుంది, వాపు అలాగే ఉంటుంది. రక్తంలో సోడియం బాగా పడిపోయినవాళ్ళకు డాక్టర్లు నీటికీ హద్దు పెడతారు, అది వేరే లెక్క. నీరు పోయే మాత్ర కూడా ముందు పంపేది ఉప్పునే, నీరు దాని వెంట పోతుంది.

ఇలా మిగిలిన ఉప్పూ నీరూ సిరల్ని నింపుతాయి. కుడి కర్ణికలో 3 ఉండే పీడనం 15 అయిందనుకోండి. ఆ పెరిగిన 12లో ఐదింట నాలుగు వంతులు కేశనాళికకు చేరతాయి, అంటే దాదాపు పది. అయినా వెంటనే వాపు రాదు. కణజాలంలో పీడనం కొంచెం పెరిగి ఎదురు నిలుస్తుంది, శోషరసం వేగం పుంజుకుంటుంది, బయటి ప్రోటీన్ కొట్టుకుపోయి దాని లాగుడు తగ్గుతుంది. ఈ మూడూ కలిసి సుమారు 17 మిల్లీమీటర్ల దాకా కాపాడతాయని శరీరధర్మ శాస్త్రవేత్త గైటన్ లెక్కకట్టాడు. కాళ్ళు వేలాడేసి కూర్చున్నవాళ్ళకు నిలువెత్తు రక్తం బరువు దీనికి తోడవుతుంది కాబట్టి ముందుగా చీలమండ దగ్గరే ఈ రక్షణ చాలదు. మంచం పట్టిన రోగిలో నడుము కింది భాగమే పల్లం. అక్కడ నొక్కి చూడకుండా వాపు లేదని చెప్పకూడదు. పైగా శోషరసం చివరికి కలిసేది మెడ కింది సిరలోనే. అక్కడే పీడనం పెరిగితే ఆ దారీ మందగిస్తుంది.

అపోహ: ఆల్బుమిన్ తగ్గింది కాబట్టే వాపు. తెల్లసొన తింటే, లేదా ఆల్బుమిన్ సీసా ఎక్కిస్తే పోతుంది.

వాస్తవం: పుట్టుకతోనే రక్తంలో ఆల్బుమిన్ దాదాపు లేనివాళ్ళు చాలా అరుదుగా ఉంటారు. అలాంటివారి గురించి మొదట రాసింది 1954లో. వాళ్ళకు ఒళ్ళంతా పొంగిపోదు, తేలికపాటి వాపు మాత్రమే ఉంటుంది. మిగతా ప్రోటీన్లు కొంత పెరిగి ఆదుకుంటాయి. రక్తంలో ప్రోటీన్ నెమ్మదిగా తగ్గితే కణజాలంలోనూ తగ్గుతుంది. లాగుడును నిర్ణయించేది ఆ రెంటి తేడాయే కాబట్టి, రక్తపరీక్ష కాగితం చూసి భయపడినంతగా అది పడిపోదు.

వాపుకు ఆల్బుమిన్ ఒక్కటే కారణం కాదన్నది నెఫ్రోటిక్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో స్పష్టంగా కనిపిస్తుంది. మూత్రంలో ప్రోటీన్ పోతుంది, కళ్ళ కింద ఉబ్బుతుంది, పొట్ట పెరుగుతుంది. స్టెరాయిడ్ పనిచేయడం మొదలవగానే మూత్రం ధారాళంగా వచ్చి వాపు దిగడం మొదలవుతుంది, అప్పటికి ఆల్బుమిన్ ఇంకా మామూలు స్థాయికి రాదు. వడపోత దెబ్బతిన్న కిడ్నీ తానే ఉప్పును పట్టి ఉంచడం ఆ వాపులో పెద్ద భాగమని దీన్నిబట్టి తెలుస్తుంది. ఆల్బుమిన్ మరీ కిందికి పడిపోయినప్పుడు నాళంలోని రక్తం నిజంగానే తగ్గి బీపీ పడిపోయే పిల్లలూ ఉంటారు. వాళ్ళకు సీసా అవసరమే. మిగతావాళ్ళకు దానివల్ల వచ్చే మేలు కొద్దికాలమే. ఎక్కించిన ఆల్బుమిన్ గంటకు సుమారు ఐదు శాతం చొప్పున నాళం దాటి బయటికి పోతుంది, కారుతున్న కిడ్నీ మరికొంత వదిలేస్తుంది. తెల్లసొనదీ అంతే. అది పోషణకు మంచిదే కానీ లివరు తయారుచేయలేకపోతున్నా, కిడ్నీ నిలుపుకోలేకపోతున్నా తిన్న ప్రోటీన్ ఆ లోటు పూడ్చలేదు.

గుండె వైఫల్యం ముదిరినవాళ్ళలో కూడా ఆల్బుమిన్ కొంత తగ్గుతుంది. చేరిన నీటివల్ల రక్తం పలచబడుతుంది, ఉబ్బిన లివరు సరిగా పనిచేయదు. అందుకే కాళ్ళు బాగా వాచిన మనిషి రిపోర్టులో ఆల్బుమిన్ 2.8 అని ఉంటే అంతటితో ఆగకుండా, తల కాస్త ఎత్తి పడుకోబెట్టి మెడ సిరలు ఉబ్బి ఉన్నాయేమో చూడాలి, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష చేయించాలి. సిరలు ఉబ్బి, మూత్రంలో ప్రోటీన్ లేకపోతే ముందుగా అనుమానించాల్సింది గుండెనే.