ఫొటోలో కుక్క నవ్వుతోందా? భయపడుతోందా?

మా ఊరు వడ్డాది. చోడవరం దాటి మాడుగుల వెళ్లే దారిలో ఉంటుంది. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఐదేళ్లుగా సెలవు రోజుల్లో మా కాలనీ వీధికుక్కలకి టీకాలు వేయించే బృందంతో తిరుగుతుంటాను కాబట్టి, మా ఇంట్లో కుక్కల విషయం ఏదైనా నా దగ్గరికే వస్తుంది. మొన్న మే నెలలో ఫ్యామిలీ గ్రూపులో మా మావయ్య ఒక ఫొటో పెట్టాడు. విశాఖలో ఒక పార్కు. ఆయన మనవరాలు, ఆరేళ్ల పాప, గోధుమరంగు ఊరకుక్క మెడ చుట్టూ చెయ్యి వేసి నిలబడింది. కుక్క నోరు తెరిచి, నాలుక బయటపెట్టి ఉంది. "చూడరా, ఎలా నవ్వుతోందో! గుంటకి బాగా అలవాటైపోయింది. వడ్డాది తెచ్చేసి వీధరుగు మీద కట్టేద్దామనుకుంటున్నాను" అని రాశాడు. కింద పది మంది హార్టులు పెట్టారు.

నాకు మాత్రం ఆ కుక్క నవ్వుతున్నట్టు కనిపించలేదు.

ముందు పాపని కప్పేయండి

ఇలాంటి ఫొటోలో మన కళ్లు ముందు పాప నవ్వు మీదికి వెళ్తాయి. పాప నవ్వుతోంది కాబట్టి కుక్కా నవ్వుతోంది అనుకుంటాం. ఇది మా మావయ్య ఒక్కడి సంగతి కాదు. అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో హోలీ మోలినారో, క్లైవ్ విన్ అనే పరిశోధకులు దీన్నే పరీక్షించారు. ఒక కుక్క వీడియోలు తీసి, దాని ఎదురుగా ఉన్న వస్తువుని ఎడిటింగ్‌లో మార్చేశారు. కుక్క కదలికలు అవే. కానీ ఎదురుగా దానికి నచ్చేది కనిపిస్తే జనం "సంతోషంగా ఉంది" అన్నారు. నచ్చనిది కనిపిస్తే "బాధగా ఉంది" అన్నారు. అంటే వాళ్లు చూసింది కుక్కని కాదు, చుట్టూ ఉన్న సీనుని. ఈ ఫలితాలు 2025లో వచ్చాయి.

అందుకే మావయ్యకి ఫోన్ చేసి, "ముందు బొటనవేలితో పాపని కప్పేసి, కుక్కని మాత్రమే పెద్దది చేసి చూడు" అన్నాను. మీరూ ఏ ఫొటో చూసినా ఇక్కడే మొదలుపెట్టండి.

బరువు ఎటు వాలింది?

ముఖం కంటే ముందు ఒళ్లు చూడాలి. భయం ఉన్న కుక్క దూరం కోరుకుంటుంది. కాళ్లు కదలకపోయినా బరువు వెనక్కి వాలిపోతుంది. మా ఫొటోలో కుక్క వెనక కాళ్లు కొంచెం ముడుచుకుని, నడుము కిందికి దిగింది. ముందు కాలు ఒకటి నేల మీంచి లేచింది. తల పాప వైపు కాకుండా పక్కకి తిరిగింది. ఇష్టంగా నిలబడ్డ కుక్క అయితే మనిషి వైపు ఒరుగుతుంది. వెన్ను నిటారుగా బిగుసుకోకుండా మెత్తగా వంపు తిరిగి ఉంటుంది.

తర్వాత తోక. కుక్కతోక వంకర అని సామెత చెప్పుకుంటాం కదా, ఇక్కడ ఆ వంకరే పనికొస్తుంది. మన ఊరకుక్కల్లో చాలావాటికి తోక వీపు మీదికి చుట్టుకుని ఉండటం సహజం. అది సంతోషానికీ కోపానికీ గుర్తు కాదు. ఆ చుట్ట విడిపోయి, తోక కిందికి జారితేనే ఏదో మారిందని అర్థం. మావయ్య అదే రోజు తీసిన ఇంకో ఫొటోలో, అదే కుక్క దూరంగా నడుస్తోంది. అందులో తోక చక్కగా చుట్టుకుని ఉంది. పాప పక్కనున్న ఫొటోలో మాత్రం వెనక కాళ్లకి అతుక్కుపోయింది. అందుకే తోక ఎత్తుగా ఉందా లేదా అని కాదు, ఆ కుక్కకి మామూలుగా ఎలా ఉంటుందో దానితో పోల్చి చూడాలి.

చెవులు, కళ్లు, ఆ 'నవ్వు'

ఊరకుక్కల చెవులు నిక్కబొడుచుకుని ఉంటాయి కాబట్టి చదవడం తేలిక. మా ఫొటోలో అవి వెనక్కి మడిచి తలకి అతుక్కున్నాయి. లాబ్రడార్ లాంటి వేలాడే చెవులైతే చివర్లు కాదు, చెవి మొదలు ఎటు లాగబడిందో చూడాలి. చెవుల్ని చాలామంది వదిలేస్తారు. 2012లో కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు రెండు వేల మందికి పైగా జనానికి కుక్కల వీడియోలు చూపించారు. సంతోషాన్ని అనుభవం లేనివాళ్లు కూడా గుర్తుపట్టారు. భయాన్ని మాత్రం కుక్కలతో పనిచేసినవాళ్లే బాగా పట్టుకోగలిగారు.

ఇక కళ్లు. తల అటు తిప్పుకుని, చూపు మాత్రం పాప చేతి మీదే ఉంది. అందువల్ల కంటి అంచున తెల్లగుడ్డు నెలవంకలా కనబడింది. మెత్తటి చూపుకి ఇలా ఉండదు.

నోరు సంగతి. కుక్కకి ఎండ పడితే నోరు తెరిచి రొప్పుతుంది. మే నెలలో విశాఖలో ఏ కుక్కయినా 'నవ్వుతూనే' ఉంటుంది. కాబట్టి నాలుక బయటుందా అని కాదు, పెదవి మూలలు చూడండి. హాయిగా ఉంటే దవడ వదులుగా వేలాడుతుంది. ఒత్తిడిలో ఉంటే మూలలు చెవుల వైపు గట్టిగా లాగబడి, బుగ్గ మీద మడతలు పడతాయి. మా ఫొటోలో మూడు మడతలు స్పష్టంగా కనబడ్డాయి.

ఒక్క గుర్తుని నమ్మొద్దు

ఇక్కడే చాలామంది తొందరపడతారు. కాలు లేపింది ముల్లు గుచ్చుకుని కావచ్చు, కాలుతున్న రాయి మీద నిలబడి కావచ్చు. కంటి తెలుపు పక్కన ఎగిరిన పక్షిని చూసినప్పుడూ కనబడుతుంది. చెవులు ఆప్యాయంగా పలకరించేటప్పుడూ వెనక్కి వెళ్తాయి, కానీ అప్పుడు ఒళ్లంతా మెలికలు తిరుగుతుంటుంది. అందుకే కనీసం మూడు గుర్తులు ఒకే మాట చెబితేనే నేను ఒక నిర్ణయానికి వస్తాను. మా ఫొటోలో ఒళ్లు, తోక, చెవులు, కళ్లు, నోరు, అన్నీ ఒకటే చెప్పాయి: "నన్ను వదిలెయ్యండి."

ఫొటోకి ఇంకో లోటు ఉంది. కదలికా శబ్దమూ అందులో ఉండవు. తోక ఊగుతోందో బిగుసుకుందో తెలీదు. గొంతులో గుర్రుమందో లేదో తెలీదు. అదృష్టవశాత్తూ మావయ్య ఫోన్లో మోషన్ ఫొటో ఆన్‌లో ఉంది. నొక్కి పట్టుకుంటే ఫొటోకి ముందు క్షణం కదులుతుంది. అందులో పాప చెయ్యి మెడ మీద పడగానే కుక్క నోరు మూసి, ఒకసారి ముక్కు నాక్కుని, రాయిలా బిగుసుకుపోయింది. రొప్పుతున్న కుక్క ఉన్నట్టుండి నోరు మూసి కదలకుండా ఉండిపోవడం చిన్న సంగతి కాదు. దాని తర్వాతి మెట్టు గుర్రుమనడం, ఆ పైది కరవడం. ఆరేళ్ల పాప కౌగిలించుకుంటే ఆ పళ్లకి అందేది ముఖమే.

మావయ్యకి ఇదంతా చెబితే, "అంటే అది చెడ్డ కుక్కా?" అన్నాడు. కాదు. పారిపోవడానికి దారి లేక ఓపిక పట్టిన కుక్క. దాన్ని తెచ్చి అరుగు మీద గొలుసు వేస్తే ఆ దారి పూర్తిగా మూసుకుపోతుంది. అందుకని తేవడం వాయిదా వేసి, సాయంత్రాలు పాప లేకుండా తనే వెళ్లి కూర్చోమన్నాను.

దగ్గరికి వెళ్లాక పరీక్ష

పక్కకి తిరిగి కూర్చోండి. తల మీదికి చెయ్యి చాపకండి. దానంతటది వస్తే ఛాతీ పక్కన మూడు సెకన్లు నిమిరి, చెయ్యి తీసేయండి. మళ్లీ ఒరిగితే ఇష్టమే. మొహం తిప్పుకున్నా, పక్కకి జరిగినా, కదలకుండా బిగుసుకున్నా అక్కడితో ఆపండి. ఎవరినైనా ఫొటో అడిగేటప్పుడు కూడా, మనుషులు దగ్గరికి రాకముందు నుంచీ పది సెకన్ల వీడియో అడగండి. కుక్క ఏం మార్చుకుందో అందులోనే తెలుస్తుంది.

ఒకటి మాత్రం ఏ ఫొటో, ఏ వీడియో చెప్పలేదు: ఆ కుక్కకి రేబిస్ టీకా పడిందో లేదో. ఎంత స్నేహంగా కనిపించిన కుక్కయినా సరే, పన్ను గీరితే చాలు, పారే నీళ్లతో సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు కడగాలి. అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి మొదటి టీకా వేయించుకోవాలి. మిగతావి డాక్టర్ చెప్పిన తేదీల్లో ఒక్కటీ మానకూడదు.