తలకు వేసే రంగు కంటి దగ్గరకు రాకూడదు

పార్లర్‌లో తలకు రంగు వేయించుకున్నాక చాలామంది చూపు గిన్నె అడుగున మిగిలిన నల్లటి ముద్ద మీద పడుతుంది. "అమ్మాయీ, ఆ కాస్తా కనుబొమ్మలకూ పెట్టెయ్యి, తెల్లవి కనిపిస్తున్నాయి" అంటారు. పెట్టకూడదు. రెప్పల వెంట్రుకలకూ కనుబొమ్మలకూ వాడితే చూపు పోవచ్చని ఆ డబ్బా మీదే రాసి ఉంటుంది. అలా అచ్చు వేయాలని మన దేశ నిబంధనలే చెబుతున్నాయి. అక్షరాలు మరీ చిన్నవి కావడంతో ఎవరూ చదవరు, అదే నా బాధ.

ఇది ఊరికే రాసిన హెచ్చరిక కాదు. 1933లో అమెరికాలో 'లాష్ లూర్' అనే రెప్పల రంగు అమ్మేవారు. డేటన్ నగరంలో ఒకావిడ విందుకు వెళ్లే ముందు దాన్ని వేయించుకుంది. కళ్లు మండి, వాచి, చివరికి చూపే పోయింది. మరో స్త్రీ ఆ పుండ్లకు ఇన్ఫెక్షన్ సోకి చనిపోయింది. అప్పట్లో సౌందర్య సాధనాలను అదుపు చేసే అధికారం అక్కడి ప్రభుత్వానికి లేదు. 1938లో వచ్చిన చట్టంతోనే ఆ అధికారం దక్కింది.

లాష్ లూర్‌లో ఉన్నది పారా ఫెనిలిన్ డయామిన్. ఇప్పటి నల్ల రంగుల్లోనూ, చాలా 'నల్ల మెహందీ' పొడుల్లోనూ ఉండేది అదే. దీనికి ఎలర్జీ ఉన్నవాళ్లకు ఒకటి రెండు రోజుల తర్వాత రెప్పలు ఉబ్బి, నీరు కారి, కళ్లు తెరవలేనంతగా వాస్తాయి. ఎలర్జీ లేకపోయినా ముప్పు తప్పదు. రంగులోని అమ్మోనియా క్షారం, దానితో కలిపే పెరాక్సైడ్ కంటిని కాలుస్తాయి. క్షారం నల్లగుడ్డు పైపొరలోని కొవ్వును కరిగిస్తూ లోపలికి దిగుతుంది. రెప్పకు పూసింది రెప్ప వాల్చినప్పుడల్లా కన్నీటిలో కలుస్తుంది. చెవి వెనక చేసే పరీక్ష చర్మం ఎలర్జీని మాత్రమే చెబుతుంది, కంటికి హామీ ఇవ్వదు.

పొరపాటున కంట్లో పడితే నలపొద్దు, రోజ్ వాటర్ వేయొద్దు. కాంటాక్ట్ లెన్స్ ఉంటే తీసేసి, రెప్పలు విడదీసి పట్టుకుని కుళాయి నీటి ధార కింద కనీసం పావుగంట, వీలైతే ఇరవై నిమిషాలు కడిగి, వెంటనే కంటి ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక నెరిసిన కనుబొమ్మల సంగతి. రాత్రికి కడిగేసే రంగే మేలు. జుట్టు రంగు కన్నా ఒక ఛాయ తేలికైన ఐబ్రో పెన్సిల్ తీసుకుని, గీత గీసినట్టు కాకుండా వెంట్రుక మొలిచిన దిశలో చిన్న చిన్న గీతలు పెట్టాలి. ముక్కు వైపు మొదలు పలుచగా వదలాలి. తెల్ల వెంట్రుకలు మరీ కనబడితే రంగున్న బ్రో జెల్‌ను బుల్లి బ్రష్‌తో దువ్వితే చాలు, వెంట్రుకకే అంటుకుంటుంది. రెప్పలకు మస్కారా ఉంది. ఒకరిది ఒకరు వాడొద్దు, తెరిచిన మూడు నెలలకు పారేయాలి. వట్టి గోరింటాకు కూడా కళ్ల దగ్గర వాడదగినది కాదు, పైగా ఎర్రగా పండుతుంది.